చీటీలో ఉన్న పవర్‌తో ఈత గాగుల్స్, షటిల్ కళ్లజోడు ఎలా చేయించుకోవాలి

ప్రశ్న: "కుడి కంటికి -4.50, సిలిండర్ -1.25, యాక్సిస్ 170. ఎడమ కంటికి -3.75, సిలిండర్ -0.75, యాక్సిస్ 10. వయసు 34. పొద్దున్నే ఈతకి వెళ్తాను, వారంలో మూడు సాయంత్రాలు షటిల్ డబుల్స్, ఆదివారం సైకిల్. ఇప్పటిదాకా పూల్లో కాంటాక్ట్ లెన్సులు, కోర్టులో మామూలు కళ్లద్దాలు వాడుతున్నాను. మూడింటికీ పనికొచ్చేది ఒక్కటి కొనుక్కుంటే సరిపోతుందా?"

ఒక్కటి సరిపోదు. అలాగని మూడూ అక్కర్లేదు. ఈతకి రెడీమేడ్ పవర్ గాగుల్స్ ఒకటి, షటిల్‌కి పాలికార్బొనేట్ అద్దాలతో స్పోర్ట్స్ కళ్లజోడు ఒకటి తీసుకోండి. ఆ రెండోదే ఆదివారం సైకిల్ మీద కూడా పెట్టుకోవచ్చు. అయితే సైకిల్ కోసమని కొన్న అద్దాలు మాత్రం కోర్టులోకి తీసుకెళ్లకూడదు. కారణం చివర్లో చెప్తాను.

ముందుగా పూల్లో కాంటాక్ట్ లెన్సులు ఈరోజే ఆపేయండి. మెత్తటి లెన్సు నీటిని స్పాంజిలా పీల్చుకుంటుంది. పూల్ నీళ్లలోనూ కుళాయి నీళ్లలోనూ అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. అది గట్టి పెంకు కట్టుకుని ముడుచుకున్న దశలో ఉంటే పూల్లో కలిపే క్లోరిన్ మోతాదుకి చావదు. లెన్సుకి అంటుకుని, లెన్సు రాపిడికి కార్నియా మీద పడిన సన్నటి గీతల్లోంచి లోపలికి దిగుతుంది. ఆ ఇన్ఫెక్షన్ మొదట్లో మామూలు కళ్లకలకలాగో వైరస్ పుండులాగో కనిపిస్తుంది కాబట్టి పోల్చుకోవడమే ఆలస్యమవుతుంది. మందులు నెలల తరబడి వేయాల్సి వస్తుంది, మచ్చ మిగిలితే చూపు తగ్గుతుంది. కన్ను పైకి కనిపించే ఎరుపు కన్నా చాలా ఎక్కువ నొప్పి పెడుతూ వెలుతురు చూడలేకపోతుంటే, నేను పూల్లో లెన్సులు పెట్టుకుని ఈదాను అన్న మాట డాక్టరుకి మీరే ముందు చెప్పాలి. ఆ ఒక్క మాటతో వాళ్లు వెతికే దారి మారిపోతుంది.

పైన గాగుల్స్ పెట్టుకుంటే పర్వాలేదు కదా అని చాలామంది అడుగుతారు. ప్రమాదం తగ్గుతుంది గానీ పోదు, ఎందుకంటే ప్రతి గాగుల్స్‌లోకీ ఏదో ఒకరోజు నీళ్లు వస్తాయి. ఎప్పుడైనా తప్పనిసరై పెట్టుకుంటే ఒక్కరోజు వాడి పారేసే రకమే పెట్టుకుని, ఈత అయ్యాక తీసి పారేయండి. అయితే బయటికి రాగానే లాగొద్దు. పూల్ నీరు తగిలిన లెన్సు కంటికి బిగుసుకుపోతుంది, వెంటనే లాగితే కార్నియా పై పొర లేచిపోవచ్చు. లెన్సులకి వాడే చుక్కలమందు వేసి కాసేపు ఆగండి. రెప్ప ఆర్పినప్పుడు లెన్సు జారుతోందనిపించాక తీయండి.

ఇక పవర్ గాగుల్స్. మీ చీటీ చూపిస్తే చాలా దుకాణాల్లో "మీకు సిలిండర్ ఉంది, రెడీమేడ్ పనిచేయదు" అంటారు. మీ విషయంలో ఆ మాట సరికాదు. రెడీమేడ్ గాగుల్స్ సాధారణంగా -1.5 దగ్గర మొదలై -8 వరకు, కొన్ని కంపెనీల్లో -10 వరకు, అర పవర్ తేడాతో దొరుకుతాయి. వాటిలో సిలిండర్ ఉండదు. సిలిండర్‌లో సగం తీసి స్ఫియర్‌కి కలిపితే మీకు కావాల్సిన నంబరు వస్తుంది. కుడి కంటికి -1.25లో సగం -0.62, దాన్ని -4.50కి కలిపితే -5.12. ఎడమకి -0.75లో సగం -0.37, -3.75తో కలిపి -4.12. అర పవర్ మెట్లలో దగ్గరివి కుడి -5.0, ఎడమ -4.0. మీరు కొనాల్సినవి అవే. రెండు మెట్ల మధ్యలో సరిగ్గా పడితే తక్కువది తీసుకోండి. పూల్లో కాస్త తక్కువ పవర్‌తో ఇబ్బంది ఉండదు, ఎక్కువ పవర్ మాత్రం కంటిని శ్రమ పెడుతుంది.

ఒక్క విషయం చూసుకోండి. కొందరు డాక్టర్లు సిలిండర్‌ని ప్లస్‌లో రాస్తారు. మీ కుడి కన్ను చీటీ వాళ్ల చేతిలో -5.75, సిలిండర్ +1.25, యాక్సిస్ 80 అవుతుంది. చూడ్డానికి వేరే నంబరులా ఉన్నా అదే అద్దం. గుర్తు సరిగ్గా పెట్టి లెక్క కడితే -5.75కి +0.62 కలిసి మళ్లీ -5.12 వస్తుంది. గుర్తు చూడకుండా కలిపేస్తే -6.37 వస్తుంది, గాగుల్స్ పెట్టుకున్న పది నిమిషాల్లోనే కణతలు లాగడం మొదలవుతుంది.

సగం సిలిండర్ లెక్క ఎందుకు పనిచేస్తుందంటే, సిలిండర్ ఉన్న కంటికి ఒక దిక్కున ఒక పవర్, అడ్డదిక్కున ఇంకో పవర్ కావాలి. మనం ఇచ్చేది రెండిటికీ నడుమ. మీ కుడి కంటికి రెండు దిక్కుల్లోనూ 0.6 చొప్పున తేడా మిగులుతుంది. దాంతో పుస్తకం చదవమంటే కష్టం గానీ పూల్ అడుగున నల్లగీత, అవతలి గోడ, ఎదురొచ్చే మనిషి, ఒడ్డున గడియారం ముళ్లు తెలియడానికి చాలు. సిలిండర్ 1.5 దాటితే ఈ తేడా చికాకు పెడుతుంది. 2 దాటితే చేయించుకోవాల్సిందే.

అలాంటప్పుడు సిలిండర్‌తో సహా అద్దం కోసి గాగుల్స్‌లో అమర్చి ఇచ్చేవాళ్లు ఉన్నారు. కానీ సిలిండర్‌కి యాక్సిస్ ఉంటుంది, అంటే అద్దం ఎటు తిరిగి ఉందన్నది ముఖ్యం. గాగుల్స్ ప్రతిరోజూ ముఖం మీద ఒకేలా కూర్చోవు. అద్దం 10 డిగ్రీలు పక్కకి వాలితే సిలిండర్‌లో మూడో వంతు తప్పు మళ్లీ తిరిగి వచ్చేస్తుంది. మీ 1.25 మీద అది 0.4, అంటే ఒక్కో దిక్కున 0.2. రెడీమేడ్‌తో మీకు ఒక్కో దిక్కున మిగిలే తేడా 0.6 మాత్రమే కాబట్టి, ఎంతో ఎక్కువ పెట్టి చేయించుకున్నదాని వల్ల ఒరిగేది తక్కువ. మీకైతే ఆ ఖర్చు వద్దని చెప్తాను. 2, 2.5 సిలిండర్ ఉన్నవాళ్లు చేయించుకునేటప్పుడు ఖాళీ గాగుల్స్ ముఖానికి పెట్టించుకుని, పట్టీ బిగించి, అప్పుడే యాక్సిస్ గుర్తు వేయించుకోవాలి. బల్ల మీద పెట్టి గుర్తు వేస్తే ఎవరి ముక్కుకీ సరిపోదు.

నీళ్లలో పవర్ మారిపోతుందేమోనన్న అనుమానం కూడా ఉంటుంది. నీళ్లలో కళ్లు తెరిస్తే మసకగా ఉండేది కార్నియా తన పని చేయలేకపోవడం వల్ల. కార్నియా గుండా, నీటి గుండా వెలుతురు దాదాపు ఒకేలా వంగుతుంది. గాగుల్స్ కంటి ముందు గాలిని నిలబెట్టి కార్నియాకి దాని బలం తిరిగి ఇస్తాయి. పవర్ గాగుల్స్ అద్దం బయటివైపు చదునుగా ఉండి, పవర్ అంతా లోపలివైపు, గాలి ఉన్న వైపు ఉంటుంది. అందుకే ఒడ్డున ఎంత పవరో నీళ్లలోనూ అంతే. బయటివైపు ఉబ్బుగా ఉన్న అద్దానికి పవర్ పెట్టి అమ్మితే అది ఒడ్డున ఒకలా నీళ్లలో ఒకలా చూపిస్తుంది, కాబట్టి కొనేటప్పుడు అద్దం బయటివైపు స్కేలు అంచు ఆనించి చూడండి. చదునుగా ఉన్నా నీళ్లలో వస్తువులు నాలుగింట మూడు వంతుల దూరంలోనే ఉన్నట్టు, కాస్త పెద్దగా కనిపిస్తాయి. అది నీటి స్వభావం. గోడ దగ్గర తిరగడానికి మొదటి వారం చేయి ముందే చాచేస్తారు, తర్వాత అలవాటవుతుంది.

గాగుల్స్ అద్దం మామూలు కళ్లజోడు కన్నా కంటికి కొన్ని మిల్లీమీటర్లు దూరంగా ఉండొచ్చు. మైనస్ అద్దం దూరం జరిగితే దాని బలం తగ్గుతుంది. మీ పవర్‌లో 6 మి.మీ. జరిగినా తేడా 0.16కి మించదు, పట్టించుకోనక్కర్లేదు. -8 ఉన్నవాళ్లకి అదే 0.4 దగ్గరికి వస్తుంది. అలాంటివాళ్లు రెండు మెట్ల మధ్య పడితే ఎక్కువ మెట్టు తీసుకోవచ్చు.

రెండు కళ్లకీ వేరువేరు పవర్ ఇచ్చే రకమే కొనండి. వాటిలో కుడి కప్పు, ఎడమ కప్పు, ముక్కు బ్రిడ్జి, పట్టీ విడివిడిగా వచ్చి మనమే బిగించుకోవాలి. రెండువైపులా ఒకే పవర్ ఉన్నదే దొరికితే -4.0 తీసుకోండి, -4.5 వద్దు. -4.0తో ఎడమ కన్ను శుభ్రంగా చూస్తుంది, కుడి కన్ను కొంచెం మసకగా ఉంటుంది. -4.5 అయితే కుడికి చాలక, ఎడమకి ఎక్కువై, రెండు కళ్లూ ఏదో ఒక తప్పుతో ఉంటాయి.

ఇంటికి తెచ్చాక కప్పులు తారుమారు కాలేదని చూసుకోవాలి. గాగుల్స్‌ని చేయి చాచిన దూరంలో పట్టుకుని, ఒక కప్పులోంచి తలుపు ద్వారబంధం నిలువు అంచు చూస్తూ గాగుల్స్‌ని పక్కకి జరపండి. మైనస్ అద్దంలో కనిపించే అంచు మీరు జరిపిన వైపే జరుగుతుంది. పవర్ ఎక్కువున్న కప్పులో ఎక్కువ జరుగుతుంది. అది కుడివైపు ఉండాలి. ఇప్పుడు జరపకుండా గడియారం ముల్లులా తిప్పండి. అంచు వంకర తిరిగితే ఆ అద్దంలో ఎక్కడో సిలిండర్ చేరిందన్నమాట, రెడీమేడ్‌లో అది ఉండకూడదు, వెనక్కి ఇచ్చేయండి. దగ్గర్లో కళ్లద్దాల షాపు ఉంటే లెన్సోమీటర్ మీద పెట్టి నిమిషంలో నంబరు చెప్పేస్తారు.

నీళ్లు కారడం పవర్‌కి సంబంధించింది కాదు, ముఖానికి సంబంధించింది. పట్టీ తలకి వేయకుండా రెండు కప్పులూ కంటి గుంతలకి మెల్లగా నొక్కి చేయి వదిలేయండి. రెండు మూడు సెకన్లు వాటంతట అవే అంటుకుని ఉంటే ఆ గాగుల్స్ మీ ముఖానికి సరిపోతాయి. వెంటనే జారితే పట్టీ ఎంత బిగించినా కారతాయి. ముక్కు వైపు మూలలోంచి నీళ్లు వస్తుంటే బ్రిడ్జి మీకు వెడల్పు ఎక్కువ, పెట్టెలో వచ్చే చిన్న సైజు బ్రిడ్జి వేయండి. కణత వైపు నుంచి వస్తుంటే బ్రిడ్జి ఇరుకైంది, లేదా ఆ కప్పే మీ కంటి గుంతకి పెద్దది. పైనుంచి వస్తుంటే టోపీ అంచు గానీ కనుబొమ్మ వెంట్రుకలు గానీ సిలికాన్ కింద చిక్కుకున్నాయేమో చూడండి. ఇవేవీ చూడకుండా పట్టీ బిగించేస్తే కళ్ల చుట్టూ గంటసేపు పోని వలయాలు, తలనొప్పి మిగులుతాయి. బిగుతైన చిన్న గాగుల్స్ కంటి లోపలి ఒత్తిడిని కూడా కాస్త పెంచుతాయి. గ్లాకోమా ఉన్నవాళ్లు, కంటి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరుని అడిగి పెద్ద కప్పులున్నవి ఎంచుకోవాలి.

ఆవిరి పట్టడం గురించి ఒక మాట. లోపలివైపు ఉండే యాంటీఫాగ్ పూత నీటిని చుక్కలు కట్టనివ్వకుండా పలచగా పరుస్తుంది. వేలితో ఒకసారి రుద్దితే ఆ పూత చెరగడం మొదలవుతుంది, అందుకే చాలామంది గాగుల్స్ నెలకే మసకబారతాయి. ఈదే ముందు లోపలివైపు కొన్ని నీళ్లు పోసి ఊపి పారబోయండి. అయ్యాక మంచినీళ్లతో కడిగి, తుడవకుండా నీడలో ఆరనివ్వండి. పూత పూర్తిగా పోయాక ఒక చుక్క బేబీ షాంపూని నీళ్లలో కలిపి లోపల తిప్పి, పలచగా కడిగితే ఆ పూటకి పనిచేస్తుంది.

ఇప్పుడు షటిల్. పూల్లో సర్దుకున్నట్టు ఇక్కడ పవర్‌తో సర్దుకోవడానికి లేదు. చీటీలో ఉన్న సిలిండర్, యాక్సిస్‌తో సహా పూర్తిగా ఉండాలి, ఎందుకంటే కాక్ ఎంత దూరంలో ఉందో రెండు కళ్లూ కలిసి అంచనా కట్టాలి. అంతకన్నా ముఖ్యమైంది, మీరు ఇప్పుడు మామూలు కళ్లద్దాలతో డబుల్స్ ఆడుతున్నారు. అది నన్ను నిజంగా కలవరపెడుతోంది.

కాక్ బరువు 5 గ్రాములే. కానీ దాని బెండు వెడల్పు 25 నుంచి 28 మి.మీ. మన కంటి గుంత ముందుభాగం సుమారు 40 మి.మీ. వెడల్పు, 35 మి.మీ. ఎత్తు. క్రికెట్ బంతి వచ్చి తగిలితే చుట్టూ ఉన్న ఎముక కొంత దెబ్బ తీసుకుంటుంది. బెండు మాత్రం ఎముకకి ఎక్కడా ఆగకుండా తిన్నగా కనుగుడ్డు మీదికే వెళ్తుంది. మన అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ 2023లో కొట్టిన స్మాష్ గంటకి 565 కి.మీ. అని గిన్నిస్ నమోదు చేసింది. అది రాకెట్ వదిలిన క్షణంలోని వేగం, ఈకల వల్ల కాక్ చాలా త్వరగా నెమ్మదిస్తుంది. మీ హాల్లో ఆడేవాళ్లది గంటకి 150 అనుకుందాం. అయినా సెకనుకి 40 మీటర్లు. నెట్ దగ్గర నిలబడ్డ మీకూ అవతల కొట్టేవాడికీ మధ్య నాలుగు మీటర్లుంటే సెకనులో పదో వంతుకి కాస్త అటూ ఇటూ. రెప్ప మూతపడే సమయం కూడా అంతే.

డబుల్స్‌లో ఇంకో ప్రమాదం సొంత జోడీ నుంచి. ముందున్న ఆటగాడు వెనక ఏం జరుగుతోందోనని తల తిప్పి చూస్తాడు, అదే క్షణంలో వెనకున్నవాడు స్మాష్ కొడతాడు, లేదా ఇద్దరూ ఒకే కాక్‌కి వెళ్లి రాకెట్ తగులుతుంది. ముందున్నప్పుడు వెనక్కి చూడొద్దు, ఇదొక్కటి అలవాటు చేసుకోండి.

మామూలు ప్లాస్టిక్ అద్దం ఇలాంటి దెబ్బకి పగిలి ముక్కలు కంట్లోకి పోవచ్చు. పగలకపోయినా మామూలు ఫ్రేము అద్దాన్ని వెనక్కి, కంటి వైపు వదిలేస్తుంది. ముక్కు మీద ఆనే సన్నటి లోహపు కాళ్లు కూడా గుచ్చుకుంటాయి. మీలాంటి మైనస్ పవర్ కళ్లలో రెటీనా అసలే పలచబడి ఉండే అవకాశం ఎక్కువ, దెబ్బకి చిరిగే వీలూ ఎక్కువే.

కాబట్టి షాపులో అడగాల్సింది పాలికార్బొనేట్ లేదా ట్రైవెక్స్. ఇక్కడే చాలామంది మోసపోతారు, కొన్నిసార్లు అమ్మేవాళ్లకే తెలియక. మన షాపుల్లో "అన్‌బ్రేకబుల్" అంటే గాజు కాని ఏ ప్లాస్టిక్ అయినా సరే. ఆ మాటకి విలువ లేదు. అద్దం వచ్చిన కాగితపు కవరు చూపించమనండి. దాని మీద 1.59 అని ఉంటే పాలికార్బొనేట్, 1.53 అని ఉంటే ట్రైవెక్స్. 1.50, 1.56 మామూలు ప్లాస్టిక్. 1.60 అనేది 1.59కి పక్కనే ఉన్నా వేరే పదార్థం, గట్టిదే గానీ దెబ్బకి ఓర్చడంలో పాలికార్బొనేట్‌కి సాటి రాదు. 1.67, 1.74 "పలచగా వస్తాయి సార్" అని అంటగడతారు, ఆటకి అసలు వద్దు. కవరు పారేశాం అంటే ఆ అద్దం తీసుకోకండి.

అద్దం నడిమి మందం కూడా చీటీ మీద రాయించండి. మైనస్ అద్దాలకి మామూలుగా నడుమ 1 నుంచి 1.5 మి.మీ. మాత్రమే ఉంచుతారు. ఆటకి 3 మి.మీ. అడగండి, 2కి తగ్గనివ్వొద్దు. మీ పవర్‌కి 50 మి.మీ. వెడల్పు అద్దంలో అంచు మందం ఐదున్నర దగ్గరికి వస్తుంది. చూడ్డానికి లావుగా ఉంటుంది, ఉండనివ్వండి. పాలికార్బొనేట్‌లో పక్కచూపుతో ట్యూబులైట్ల అంచున సన్నటి రంగు చార కనిపించొచ్చు. అది ఇబ్బందైతే ట్రైవెక్స్‌లో తక్కువగా ఉంటుంది, ధర ఎక్కువ. రెండువైపులా గీతలు పడని పూత, యాంటీ రిఫ్లెక్షన్ పూత వేయించండి. లేకపోతే ఎత్తుగా వచ్చిన కాక్ కోసం తలెత్తినప్పుడు హాలు లైటు అద్దంలో రెండుగా మెరుస్తుంది.

ఫ్రేము స్పోర్ట్స్ కోసం చేసినదే కావాలి. ఏఎస్‌టీఎం ఎఫ్803 లేదా ఎఫ్3164 అన్న గుర్తు ఉంటే మంచిది. గుర్తు లేని ఫ్రేము చూస్తున్నప్పుడు షాపులోనే ఒక పరీక్ష చేయొచ్చు. డెమో అద్దాన్ని ముందునుంచి బొటనవేళ్లతో గట్టిగా నొక్కండి. అద్దం కంటి వైపు ఊడివస్తే ఆ ఫ్రేము వద్దు. మంచి ఫ్రేములో అద్దం వెనక అంచు ఎత్తుగా ఉండి దాన్ని ఆపుతుంది. అద్దం ఊడినా ముందుకే ఊడాలి. ముక్కు దగ్గర మెత్తటి సిలికాన్, వెనక తలకి పట్టీ ఉండాలి. అద్దం ఎత్తు 35 మి.మీ. కన్నా తక్కువుంటే తలెత్తినప్పుడు పై అంచు కాక్‌ని సగానికి కోసేస్తుంది. షాపులోనే రాకెట్ ఎత్తినట్టు చేయి పైకెత్తి సీలింగు చూడండి. ఫ్రేము మరీ వంపుగా ఉండకూడదు. వంపు ఎక్కువైతే మీ పవర్‌కి నేల వాలుగా ఉన్నట్టు అనిపిస్తుంది, లంజ్ వేసినప్పుడు అడుగు తప్పుతుంది.

అద్దాల్లేని ఖాళీ గార్డులు, మామూలు కళ్లద్దాల మీద తొడిగే కవర్లు కొనకండి. ఖాళీ గార్డు కాక్‌ని ఆపలేదు. తొడుగు లోపల మీ మామూలు అద్దాలు అలాగే ఉంటాయి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని, పైన పవర్ లేని పాలికార్బొనేట్ గార్డు పెట్టుకోవడం మాత్రం చాలా మంచి దారి, పక్కచూపు పూర్తిగా ఉంటుంది, అద్దమూ తేలిక. పూల్లో వద్దన్న లెన్సులు కోర్టులో పనికొస్తాయి. గార్డు లేకుండా ఉత్త లెన్సులతో ఆడితే మాత్రం కంటికి ఏ రక్షణా లేనట్టే.

మన హాళ్లలో కాక్ గాలికి కొట్టుకుపోతుందని ఫ్యాన్లు ఆపేస్తారు. అందుకని ఆవిరి, చెమట తప్పవు. ఫ్రేము పై అంచులో గాలి పోయే సందులున్నది చూసుకోండి, నుదుటికి చెమట పట్టీ కట్టుకోండి. నవ్వినప్పుడు బుగ్గలు ఫ్రేముకి తగిలితే ఆవిరి కిందనుంచి లోపలే ఆగిపోతుంది, అలాంటిది సరిపోని సైజు. చెమట పట్టిన టీషర్టుతో తుడవడం వల్లే పాలికార్బొనేట్ గీతలు పడి పాడవుతుంది. నీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దండి. అసిటోన్, థిన్నర్ లాంటివి తగిలితే పదార్థమే చిట్లుతుంది. గట్టి దెబ్బ తగిలిన అద్దం పైకి బాగున్నా మార్చేయండి. కొత్త కళ్లజోడుతో మొదటిరోజే మ్యాచ్ ఆడొద్దు. పదిహేను నిమిషాలు నెమ్మదిగా ర్యాలీలు ఆడండి, కాక్ మీరు అనుకున్నచోటే రాకెట్‌కి తగులుతోందా గమనించండి. వారం దాటినా ముందే తగులుతోందనిపిస్తే కంటిపాపల మధ్య దూరం తప్పు కొలిచారేమో చూపించండి.

ఎవరికైనా కంటికి దెబ్బ తగిలితే రుద్దొద్దు, నొక్కొద్దు, ఐస్ గట్టిగా అదమొద్దు. ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గి చూపు బాగుందనిపించినా ఆరోజే కంటి ఆసుపత్రికి వెళ్లాలి. నల్లగుడ్డు ముందు రక్తం చేరినట్టు కనిపించినా, రెండు కంటిపాపలూ ఒకే సైజులో లేకపోయినా, మెరుపులు, నల్లచుక్కలు, పక్కనుంచి తెర పడినట్టు అనిపించినా ఆ గంటలోనే వెళ్లాలి. అలాంటి దెబ్బ తర్వాత కంటి ఒత్తిడి ఏళ్ల తర్వాత పెరగొచ్చు, అందుకని ఏటా ఒకసారి చూపించుకుంటూ ఉండాలి.

సైకిల్‌కి ఈ కళ్లజోడే పెట్టుకోండి. రాయి ఎగిరి తగిలినా తట్టుకుంటుంది. హెల్మెట్ పట్టీలు పెట్టుకున్నాక పైన కళ్లజోడు పట్టీ వేసుకుంటే తీయడం తేలిక. ఎండ కోసం ఇంకో జత రంగు అద్దాలు చేయించాలనుకుంటే పోలరైజ్డ్ వద్దు. హ్యాండిల్ మీద ఉన్న మీటరు స్క్రీను కొన్ని కోణాల్లో నల్లబడిపోతుంది, తడి రోడ్డు మీద నూనె మెరుపు కూడా కనబడకుండా పోతుంది. వెలుతురుని బట్టి రంగు మారే అద్దాలు పొద్దున్న ఐదున్నరకి బయలుదేరి ఎనిమిదికి ఎండలో తిరిగొచ్చేవాళ్లకి బాగుంటాయి. కానీ చెట్ల నీడలోకో అండర్‌పాస్‌లోకో ఒక్కసారిగా వెళ్తే అవి తేటపడటానికి నిమిషాలు పడుతుంది, అక్కడ వేగం తగ్గించండి.

వంపు తిరిగిన సైకిల్ గాగుల్స్, లోపల పవర్ అద్దాల చిన్న ఇన్సర్ట్ బిగించే రకం కోర్టుకి వద్దని మొదట్లోనే చెప్పాను. ఆ ఇన్సర్ట్ పెద్ద అద్దానికీ మీ కంటికీ మధ్య, కనురెప్పలకి కొన్ని మిల్లీమీటర్ల దూరంలో, సన్నటి పిన్ను మీద నిలబడి ఉంటుంది. ఎదురుగాలికి, దుమ్ముకి అది చాలు. బెండు వచ్చి ముందు అద్దానికి తగిలి అది లోపలికి వంగితే మొదట తగిలేది ఇన్సర్ట్‌కి, ఇన్సర్ట్ వెళ్లి తగిలేది కంటికి.